గోదాములు కలిపితే భద్రతా నిల్వ సగమవుతుందా? దేవరుప్పుల మండలంలో వర్గమూల నియమానికి ఉన్న హద్దులు

గ్రామాలలో ఉన్న చిన్న ఎరువుల గోదాములను మూసివేసి మండల కేంద్రంలో ఒకే గోదాము నిర్వహించాలన్న ఆలోచన వచ్చినప్పుడల్లా దానికి మద్దతుగా ఒక లెక్క చూపబడుతుంది. నాలుగు గోదాములను ఒకటిగా చేస్తే అత్యవసరానికి ఉంచవలసిన నిల్వ సగానికి, తొమ్మిదింటిని ఒకటిగా చేస్తే మూడో వంతుకు తగ్గుతుందని ఆ లెక్క చెబుతుంది. నిల్వల నిర్వహణ శాస్త్రంలో దీనికి వర్గమూల నియమమని పేరు. గణితపరంగా ఈ నియమంలో దోషం లేదు. అయితే అది కొన్ని షరతుల మీద నిలబడి ఉన్నది. ఆ షరతులు వరి విత్తనం విషయంలో చాలావరకు నెరవేరుతాయి, యూరియా విషయంలో దాదాపుగా నెరవేరవు. ఈ తేడాను గుర్తించకుండా రెండింటికీ ఒకే నిర్ణయం తీసుకుంటే, ఆదా కాగితం మీద సంఘానికి మిగులుతుంది, భారం రైతు మీద పడుతుంది.

జనగామ జిల్లాలోని దేవరుప్పుల మండలాన్ని ఉదాహరణగా తీసుకుని ఈ విషయాన్ని పరిశీలించవచ్చు. జనగామ నుండి సూర్యాపేట వెళ్ళే రహదారిపై ఉన్న ఈ మండలంలో చెరువుల కింద, బోరుబావుల కింద వరి, మెట్ట భూములలో పత్తి ప్రధానంగా సాగవుతాయి. కింది లెక్కలలో కడవెండి, కోలుకొండ, ధర్మాపురం, సింగరాజుపల్లి గ్రామాలలో ఒక్కొక్క అమ్మకపు కేంద్రం ఉన్నట్లు, వాటిని కలిపి దేవరుప్పులలో ఒకే గోదాము ఏర్పాటు చేయదలచినట్లు భావించడమైనది. అంకెలన్నీ లెక్కను విశదపరచడానికి ఎంచుకున్నవే గాని ఆ గ్రామాల వాస్తవ అమ్మకాలు కావు.

నియమం ఎక్కడి నుండి వచ్చింది

ప్రతి గోదాములోనూ రెండు రకాల నిల్వ ఉంటుంది. సరుకు వచ్చిన నాటి నుండి మళ్ళీ వచ్చే దాకా సాధారణంగా అమ్ముడుపోయే నిల్వ మొదటిది. అమ్మకం అనుకున్నదానికంటే పెరిగితే ఆదుకోవడానికి అదనంగా ఉంచేది రెండవది. దీనినే భద్రతా నిల్వ అంటారు. వర్గమూల నియమం ప్రధానంగా ఈ రెండవ దానికి సంబంధించినది.

ఒక్కొక్క గ్రామంలో సీజనులో వారానికి సగటున 400 బస్తాల యూరియా అమ్ముడవుతుందనుకుందాం. అన్ని వారాలూ ఒకేలా ఉండవు గనుక ఆ సగటు చుట్టూ ఉండే హెచ్చుతగ్గులను కొలిచే ప్రామాణిక విచలనం 120 బస్తాలు. ఇండెంటు పెట్టిన వారానికి సరుకు వస్తుంది. నూరు సార్లలో తొంభై అయిదు సార్లు రైతు వట్టి చేతులతో తిరిగి వెళ్ళకూడదంటే విచలనానికి 1.65 రెట్లు అదనంగా ఉంచాలి. అంటే గ్రామానికి 198 బస్తాలు, నాలుగు గ్రామాలకు 792 బస్తాలు.

ఇప్పుడు నాలుగింటినీ కలిపితే ఏమవుతుంది? సగటు అమ్మకం నాలుగు రెట్లై 1,600 బస్తాలవుతుంది. కాని హెచ్చుతగ్గులు నాలుగు రెట్లు కావు. ఒక వారం కడవెండిలో అమ్మకం పెరిగితే అదే వారం ధర్మాపురంలో తగ్గి ఉండవచ్చు. ఒకచోటి ఎక్కువను మరొకచోటి తక్కువ కొంతవరకు సరిదిద్దుతుంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని రాశులను కూడినప్పుడు విచలనాలు నేరుగా కూడవు, విచలనాల వర్గాలు కూడుతాయి. 120 వర్గం 14,400. దానికి నాలుగు రెట్లు 57,600. దాని వర్గమూలం 240. కాబట్టి కేంద్ర గోదాములో ఉంచవలసిన భద్రతా నిల్వ 240కి 1.65 రెట్లు, అంటే 396 బస్తాలు. మునుపటి 792లో ఇది సరిగ్గా సగం. 45 కిలోల బస్తాల లెక్కన మిగిలిన 396 బస్తాలు దాదాపు 18 టన్నులు. నష్టభయాన్ని ఒకచోట కలపడం అంటే ఇదే.

ఈ నియమాన్ని డేవిడ్ మైస్టర్ 1976లో ఒక వ్యాసంలో వివరించారు. 1979లో గ్యారీ ఎప్పెన్ ఒకే సీజనులో అమ్ముడుపోవలసిన సరుకుకు దీనిని అన్వయించి, వేర్వేరు చోట్ల గిరాకీల మధ్య ఉండే సహసంబంధాన్ని బట్టి ఈ ప్రయోజనం మారుతుందని చూపారు. నియమం ప్రసిద్ధమైనంతగా ఎప్పెన్ చూపిన ఈ రెండవ భాగం ప్రచారంలోకి రాలేదు. దేవరుప్పుల వంటి చోట నిర్ణయానికి పనికివచ్చేది మాత్రం ఆ రెండవ భాగమే.

వాన అందరికీ ఒకసారే పడుతుంది

పై లెక్కంతా 'ఒకదానితో ఒకటి సంబంధం లేని' అన్న మాట మీద ఆధారపడి ఉన్నది. యూరియా గిరాకీలో ఆ మాట ఎంతవరకు నిజం?

నాటు వేసిన వరికి నత్రజనిని సాధారణంగా మూడు దఫాలుగా వేస్తారు. దుక్కిలో లేదా నాటే సమయంలో ఒకసారి, పిలకలు వేసే దశలో ఒకసారి, అంకురం తొడిగే దశలో మరొకసారి. చెరువులు నిండిన వారంలోనే చుట్టుపక్కల గ్రామాలన్నీ నాట్లకు దిగుతాయి. నాట్లు కలిసి పడితే పిలకల దశ కూడా కలిసే వస్తుంది. పత్తికి పైపాటుగా యూరియా వేయాలన్నా భూమిలో పదును ఉండాలి గనుక, వాన కురిసిన మరునాడే రైతులందరూ బస్తాల కోసం బయలుదేరుతారు. నాలుగు గ్రామాలు ఒకే మండలంలో, ఒకే వాన కింద, ఒకే పంటలతో ఉన్నప్పుడు కడవెండిలో పెరిగిన గిరాకీని ధర్మాపురంలో తగ్గిన గిరాకీ సరిదిద్దుతుందని ఆశించడానికి ఆధారం లేదు. రెండు చోట్లా అది కలిసే పెరుగుతుంది.

ఈ కలిసి పెరిగే గుణాన్ని సహసంబంధ గుణకం ρ కొలుస్తుంది. అది సున్నా అయితే గ్రామాల గిరాకీల మధ్య సంబంధం లేదు. ఒకటి అయితే అన్నీ పూర్తిగా కలిసి కదులుతాయి. n గోదాములలో విచలనాలు సమానంగా ఉండి, ప్రతి జంట మధ్యా ఒకే సహసంబంధం ఉన్నప్పుడు, కలిపిన తరువాత ఉంచవలసిన భద్రతా నిల్వకు, కలపకముందు ఉన్న మొత్తానికి ఉండే నిష్పత్తి ఇది:

```
√((1 + (n − 1)ρ) / n)
```

ρ సున్నా అయితే ఈ సూత్రం 1/√n గా మారుతుంది. అదే వర్గమూల నియమం. ρ ఒకటి అయితే నిష్పత్తి 1 అవుతుంది, అంటే కలపడం వల్ల ఒక్క బస్తా కూడా తగ్గదు. పై ఉదాహరణకు దీనిని వర్తింపజేస్తే ఫలితాలు ఇలా ఉంటాయి:

| సహసంబంధం | కేంద్రంలో భద్రతా నిల్వ (బస్తాలు) | తగ్గిన నిల్వ (బస్తాలు) |
|---|---|---|
| 0 | 396 | 396 |
| 0.5 | 626 | 166 |
| 0.8 | 730 | 62 |
| 1 | 792 | 0 |

సహసంబంధం 0.8 ఉన్నప్పుడు సగానికి తగ్గుతుందనుకున్న నిల్వ నిజానికి నూటికి ఎనిమిది మాత్రమే తగ్గుతున్నది. ఇట్టి స్థితిలో 396 బస్తాలతోనే సరిపెట్టుకుంటే, కేంద్ర గోదాము ఖాళీ అయ్యే వారాలు అనుకున్నదానికంటే చాలా ఎక్కువవుతాయి. గోదాము ఒక్కటే గనుక అది ఖాళీ అయిన రోజున నాలుగు గ్రామాలకూ ఒకేసారి సరుకు ఉండదు.

అన్ని పరిస్థితులలోనూ సహసంబంధం ఇంత ఎక్కువగా ఉంటుందని కాదు. యాసంగిలో బోరుబావుల కింద నాట్లు వానతో నిమిత్తం లేకుండా, ఒక్కొక్క రైతు వీలును బట్టి ముందువెనుకలుగా పడతాయి. కాలువ నీరు వచ్చే గ్రామానికి, బోర్ల మీదనే ఆధారపడిన గ్రామానికి మధ్య పంట వయసులో వారాల తేడా ఉండవచ్చు. అప్పుడు గిరాకీలు కొంత విడివడి, కలపడం వల్ల వచ్చే ప్రయోజనం పెరుగుతుంది. వానాకాలానికి తీసిన గుణకాన్ని యాసంగికి గాని, యాసంగిది వానాకాలానికి గాని వాడరాదని దీని నుండి తెలుస్తుంది.

ర్యాక్ ఆలస్యమైతే

ఇంతవరకు సరుకు అనుకున్న వారానికి వస్తుందనే లెక్క సాగింది. యూరియా విషయంలో ఆ భరోసా కూడా ఉండదు. యూరియా రవాణా, కేటాయింపు కేంద్ర ప్రభుత్వ నియంత్రణలో ఉంటాయి. కర్మాగారం నుండి గాని ఓడరేవు నుండి గాని రైలు ర్యాక్ బయలుదేరి, ర్యాక్ పాయింటులో దిగి, అక్కడి నుండి లారీలలో మార్క్‌ఫెడ్ గోదాములకు, ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలకు, డీలర్లకు చేరుతుంది. ఎంత సరుకు ఎప్పుడు రావాలన్నది సంఘం చేతిలో లేదు. 2025 వానాకాలంలో దిగుమతులు ఆలస్యమై, రామగుండం కర్మాగారంలో ఉత్పత్తికి అంతరాయాలు కలిగినప్పుడు తెలంగాణ అంతటా సహకార సంఘాల ముందు రైతులు బారులు తీరారు. తమకు బదులుగా చెప్పులను వరుసలో పెట్టిన దృశ్యాలు అప్పుడు రాష్ట్రమంతా చూసింది.

ఈ రకమైన అనిశ్చితిని లెక్కలోకి తీసుకుంటే వర్గమూల నియమం మరింత బలహీనపడుతుంది. సరుకు చేరే కాలం సగటున ఒక వారమైనా, దానిలో అర వారం విచలనం ఉన్నదనుకుందాం. ఒక గ్రామంలో వారానికి 400 బస్తాల అమ్మకం గనుక ఆలస్యం వల్ల కలిగే విచలనం 200 బస్తాలు. గిరాకీ వల్ల కలిగేది 120. రెండింటి వర్గాలనూ కూడితే 14,400, 40,000 కలిసి 54,400 అవుతుంది. వర్గమూలం సుమారు 233. దానికి 1.65 రెట్లు 385 బస్తాలు, నాలుగు గ్రామాలకు దాదాపు 1,540 బస్తాలు.

కలిపిన గోదాముకు ఇదే లెక్క చేద్దాం. గ్రామాల గిరాకీల మధ్య సంబంధమే లేదని నియమానికి అత్యంత అనుకూలంగా భావించినా, గిరాకీ వల్ల వచ్చే విచలనం 240. ఆలస్యం వల్ల వచ్చేది మాత్రం 1,600లో సగం, అంటే 800. ర్యాక్ ఆలస్యమైతే అది నాలుగు గ్రామాలకూ ఆలస్యమే గనుక అక్కడ సరిదిద్దేది ఏదీ లేదు, ఆ భాగం పూర్తిగా నాలుగు రెట్లైంది. 57,600కు 6,40,000 కూడితే 6,97,600. వర్గమూలం సుమారు 835, దానికి 1.65 రెట్లు దాదాపు 1,380 బస్తాలు. తగ్గినది 160 బస్తాలు మాత్రమే. అంటే నూటికి పది.

సగం తగ్గుతుందన్న లెక్క నూటికి పదికి దిగడానికి కారణం ఒక్కటే. ఈ నియమం గ్రామానికీ గ్రామానికీ మధ్య ఉండే తేడాలను మాత్రమే పరస్పరం రద్దు చేయగలదు. గ్రామాలన్నిటికీ ఉమ్మడిగా వచ్చే కష్టాన్ని, అది వాన రూపంలో వచ్చినా, ర్యాక్ రూపంలో వచ్చినా, అది తాకలేదు. ఉమ్మడి కష్టానికి మందు సరుకును ముందుగా తెచ్చి ఉంచడమే గాని గోదాములను కలపడం కాదు.

మిగిలేది ఎవరికి, ఖర్చయ్యేది ఎవరికి

నియమం పూర్తిగా వర్తించినా మిగిలే మొత్తం ఎంతో కూడా చూడాలి. 45 కిలోల యూరియా బస్తా రైతుకు 266 రూపాయల 50 పైసలకు అమ్ముతారు. ఆ ధరకు 396 బస్తాల విలువ సుమారు 1,05,500 రూపాయలు. ఏడాదికి నూటికి తొమ్మిది వడ్డీ అనుకుంటే, నాలుగు నెలల సీజనుకు సంఘానికి మిగిలేది దాదాపు 3,200 రూపాయలు. అదే సమయంలో, ఇదివరకు లారీ నేరుగా గ్రామానికి తెచ్చిన బస్తాను ఇప్పుడు రైతు దేవరుప్పుల నుండి ఆటోలోనో ట్రాక్టరు మీదనో తెచ్చుకోవాలి. ఆ అదనపు ఖర్చు బస్తాకు పది రూపాయలే అనుకున్నా, వారానికి 1,600 బస్తాలకు 16,000 రూపాయలు. ఒక్క వారంలో రైతులు భరించేది, సంఘానికి సీజనంతా మిగిలేదానికి అయిదు రెట్లు.

గోదాము అద్దె, కాపలా, అమ్మకందారు జీతం, హమాలీ ఖర్చు తగ్గుతాయి గదా అన్న ప్రశ్న న్యాయమైనదే. సంఘానికి నిజమైన ఆదా అక్కడే ఉన్నది. అయితే అది గోదాముల సంఖ్య తగ్గినందువల్ల వచ్చే ఆదా గాని, నష్టభయాన్ని కలపడం వల్ల వచ్చేది కాదు. రెండింటినీ విడివిడిగా చూపినప్పుడే, రైతు భరించే రవాణా ఖర్చుతో దానిని సరిపోల్చడానికి వీలవుతుంది.

లెక్కలో కనిపించని మరొక విషయం ఉన్నది. వర్గమూల నియమం బస్తాలను లెక్కిస్తుంది, అవి ఎవరికి చేరాయో లెక్కించదు. కొరత వచ్చిన రోజున కేంద్ర గోదాము ముందు వరుసలో మొదట నిలబడేది దగ్గరి గ్రామం వారు, సొంత వాహనం ఉన్నవారు. దూరపు తండా నుండి వచ్చే కౌలు రైతు, కూలికి పోయి వచ్చి బయలుదేరే మహిళా రైతు వెనుకబడతారు. గ్రామంలో గోదాము ఉన్నప్పుడు ఆ గ్రామానికి వచ్చిన వాటా ఆ గ్రామానికే దక్కేది. కలిపిన తరువాత మొత్తం మీద కొరత తగ్గినట్లు నమోదైనా, ఒక్క గ్రామంలోనే అది పెరిగి ఉండవచ్చు. విలీనం సఫలమైందో లేదో తెలుసుకోవడానికి మండల సగటును కాక గ్రామాల వారీ అమ్మకాలను చూడాలి.

విత్తనం సంగతి వేరు

ఇదే నియమం వరి విత్తనానికి చాలావరకు సరిపోతుంది. దీనికి మూడు కారణాలున్నాయి. మొదటిది, విత్తనాన్ని రైతు సీజనుకు ఒకసారే కొంటాడు. దేవరుప్పుల దాకా ఒక్క ప్రయాణం, తేలికపాటి బరువు. యూరియా వలె దఫాకొకసారి తిరగనవసరం లేదు.

రెండవది, గిరాకీలోని అనిశ్చితి స్వభావం. మండలంలో మొత్తం ఎన్ని ఎకరాలలో వరి వేస్తారన్నది నీటి లభ్యతను బట్టి సుమారుగా అంచనా వేయవచ్చు. ఏ గ్రామంలో ఏ రకం ఎక్కువగా అడుగుతారన్నదే తెలియదు. ఒక గ్రామంలో నిరుడు ఒక రైతుకు తెలంగాణ సోనా బాగా పండితే ఈ ఏడు ఆ గ్రామమంతా దానినే అడుగుతుంది. పక్క గ్రామం సాంబ మసూరి మీద, మరొక గ్రామం కూనారం సన్నాల మీద మొగ్గు చూపవచ్చు. ఈ మొగ్గు ప్రధానంగా గ్రామానికి సంబంధించినది, వానకు కాదు. అందువల్ల ఒక్కొక్క రకం విషయంలో గ్రామాల మధ్య సహసంబంధం తక్కువగా ఉంటుందని ఆశించవచ్చు.

మూడవది, మిగిలిన విత్తనానికి ఆయుష్షు ఉన్నది. ధ్రువీకరణ విత్తనానికి పరీక్ష నాటి నుండి తొమ్మిది నెలలే చెల్లుబాటు. ఆ తరువాత మళ్ళీ మొలక పరీక్ష చేయించి గడువు పొడిగించుకోవాలి. వరిలో మొలక శాతం 80కి తగ్గితే అది విత్తనంగా పనికిరాదు, గింజల ధరకు పోతుంది. నిల్వ ఎక్కువైతే యూరియాకు వడ్డీ నష్టమే, విత్తనానికి సరుకే నష్టం.

నాలుగు గ్రామాలలో ఒక రకానికి ఒక్కొక్కచోట సగటున 100 బస్తాల గిరాకీ, 40 బస్తాల విచలనం, సహసంబంధం 0.2 అనుకుందాం. విడివిడిగా ఉంచితే సగటుకు పైన 264 బస్తాలు అదనంగా కావాలి. కలిపితే 167 చాలు. 97 బస్తాలు, అంటే నూటికి 37 వంతులు తగ్గుతాయి. ఎప్పెన్ పరిశీలించినది కూడా ఇటువంటి ఒకే సీజను సరుకునే. అరుదుగా అవసరమయ్యే పురుగు మందులు, తెగుళ్ళ మందులు కూడా ఈ కోవలోకే వస్తాయి. అవి ఒక్కొక్క గ్రామంలో ఎప్పుడో ఒకసారి అడిగేవి, గడువు తేదీ ఉన్నవి, బరువు లేనివి. అయితే ఒక తెగులు మండలమంతా ఒకేసారి వ్యాపించిన ఏడాది ఆ మందు కూడా యూరియా వలెనే ప్రవర్తిస్తుందని గుర్తుంచుకోవాలి.

సహసంబంధాన్ని కొలిచే విధం

పైన చెప్పిన వాదమంతా ఒక్క అంకె మీద ఆధారపడి ఉన్నది గనుక దానిని ఊహకు వదలడం తగదు. 2018 నుండి రాయితీ ఎరువుల అమ్మకాలన్నీ ఈ-పాస్ యంత్రాల ద్వారా జరుగుతున్నందున కేంద్రాల వారీ అమ్మకాలు తేదీలతో సహా నమోదై ఉన్నాయి. పరిశోధక విద్యార్థి ఒక సీజను అమ్మకాలను వారాల వారీగా వేసుకుంటే సరిపోతుంది. గుణకాన్ని జంటజంటగా లెక్కించవలసిన అవసరం కూడా లేదు. కలిపిన అమ్మకాల విచలనాన్ని, విడివిడి విచలనాల మొత్తంతో భాగిస్తే, కలిపిన తరువాత ఎంత భద్రతా నిల్వ మిగులుతుందో ఆ నిష్పత్తే నేరుగా చెబుతుంది.

రెండు గ్రామాలతో ఒక చిన్న ఉదాహరణ చూడవచ్చు. మొదటి గ్రామంలో నాలుగు వారాల అమ్మకాలు 300, 300, 500, 500 బస్తాలు. సగటు 400, విచలనం 100. రెండవ గ్రామంలో 300, 500, 300, 500. ఇక్కడా విచలనం 100. రెండింటినీ కలిపితే వారాల వారీగా 600, 800, 800, 1,000. దీని విచలనం 141. విడివిడి విచలనాల మొత్తం 200 గనుక నిష్పత్తి 0.71. ఇది రెండు గోదాములకు వర్గమూల నియమం చెప్పే అంకె. అలా కాక రెండవ గ్రామంలో కూడా 300, 300, 500, 500 అమ్ముడైతే, కలిపిన మొత్తాలు 600, 600, 1,000, 1,000. విచలనం 200, నిష్పత్తి 1. అమ్మకాల మొత్తం రెండు సందర్భాలలోనూ ఒక్కటే. తేడా అంతా ఏ వారంలో అమ్ముడయ్యాయన్న దానిలోనే ఉన్నది.

ఈ కొలతలో ఒక జాగ్రత్త తప్పనిసరి. అమ్మకం, గిరాకీ ఒకటి కావు. గోదాము ఖాళీగా ఉన్న వారంలో అమ్మకం సున్నాగా నమోదవుతుంది, గిరాకీ సున్నా కాదు. ర్యాక్ దిగిన వారంలో అన్ని కేంద్రాలలో అమ్మకాలు ఒక్కసారిగా ఎగబాకుతాయి. అది రైతుల అవసరం కలిసి రావడం వల్ల గాక సరుకు కలిసి రావడం వల్ల కావచ్చు. అందువల్ల ఏ కేంద్రంలోనైనా సరుకు నిండుకున్న వారాలను, వాటి వెంటనే వచ్చిన వారాన్ని లెక్క నుండి తొలగించాలి. అలా తొలగిస్తే మిగిలే వారాలు మరీ తక్కువైతే, గిరాకీని మరొక మార్గంలో అంచనా వేయాలి. వ్యవసాయ విస్తరణ అధికారుల వద్ద తమ క్లస్టరులోని గ్రామాల వారీ పంట విస్తీర్ణం, నాట్ల తేదీలు ఉంటాయి. వాటి నుండి ఏ గ్రామానికి ఏ వారంలో ఎన్ని బస్తాలు కావాలో లెక్క కట్టవచ్చు. సరుకు కొరత వల్ల కలుషితం కాని కొలత అది.

కలపకుండానే కలిపే మార్గం

యూరియా విషయంలో ఎంచుకోవలసినవి రెండే మార్గాలు కావు. గ్రామ గోదాములను అలాగే ఉంచి, సాధారణ అమ్మకానికి కావలసిన సరుకును అక్కడే నిల్వ చేసి, భద్రతా నిల్వలో కొంత భాగాన్ని మాత్రం దేవరుప్పులలో ఉమ్మడిగా ఉంచవచ్చు. ఏ గ్రామంలో నిల్వ నిర్ణీత మట్టానికి దిగితే ఆ గ్రామానికి ఒక్క రోజులో ఉమ్మడి నిల్వ నుండి లారీ వెళ్ళగలిగితే చాలు. గిరాకీలు విడివిడిగా కదిలిన మేరకు నష్టభయాన్ని కలపడం వల్ల వచ్చే ప్రయోజనంలో ఎక్కువ భాగం దీనితోనే దక్కుతుంది. రైతు మాత్రం తన గ్రామంలోనే బస్తా కొంటాడు. గిరాకీలు కలిసి కదిలిన వారంలో ఉమ్మడి నిల్వను గ్రామాల సాగు విస్తీర్ణాన్ని బట్టి పంచవచ్చు గనుక దూరపు గ్రామం వాటా కోల్పోదు.

దీనికి రెండు షరతులున్నాయి. లారీ ఒక్క రోజులో కదలాలి. మూడు నాలుగు రోజులు పడితే ఆ వ్యవధికి గ్రామంలోనే అదనపు నిల్వ ఉంచవలసి వచ్చి లాభం కరిగిపోతుంది. రెండవది, ఒక కేంద్రం పేరున ఉన్న సరుకును మరొక కేంద్రానికి పంపినప్పుడు ఈ-పాస్ నమోదులో కూడా అదే రోజు బదిలీ జరగాలి. జరగకపోతే యంత్రంలోని నిల్వకు, గోదాములోని నిల్వకు తేడా వస్తుంది. బస్తాలు కళ్ళ ముందు ఉన్నా అమ్మడం కుదరదు, తనిఖీలో బాధ్యత అమ్మకందారు మీద పడుతుంది. ఉమ్మడి నిల్వ విఫలమైతే అది గణితం వల్ల కాక ఈ చిన్న ఆలస్యాల వల్లనే ఎక్కువగా విఫలమవుతుంది.

కాబట్టి దేవరుప్పుల వంటి మండలంలో గోదాముల విలీనాన్ని ప్రతిపాదించే ముందు సరుకును బట్టి నిర్ణయం తీసుకోవడం సముచితం. విత్తన రకాలను, అరుదుగా అమ్ముడయ్యే మందులను మండల కేంద్రంలో కలపవచ్చు. యూరియాకు గత సీజను అమ్మకాల నుండి పైన చెప్పిన నిష్పత్తిని కట్టి చూడాలి. నాలుగు గోదాములకు అది 0.5 దగ్గర ఉంటే విలీనంలో న్యాయం ఉన్నది. 0.9 దగ్గర ఉంటే విలీనం వల్ల తగ్గేది నిల్వ కాదు, రైతుకూ బస్తాకూ మధ్య ఉన్న దూరం మాత్రం పెరుగుతుంది. ఆ నిష్పత్తిని కట్టడానికి కావలసిన అంకెలు ఈ-పాస్ నమోదులలో, విస్తరణ అధికారుల పుస్తకాలలో ఇప్పటికే ఉన్నాయి. ఒక విద్యార్థి ఒక సీజనులో పూర్తి చేయగల పని అది. ఆ పని జరిగేదాకా ఏ గ్రామ గోదాముకూ తాళం వేయకపోవడమే మేలు.